పెద్ద వి కింద గీత

తొంభయ్యో రోజు పొద్దున ఆఫీసు మెట్లెక్కేసరికి మొక్కలమ్మాయి పేరు పక్కన రెండు ఎర్రగీతలున్నాయి. మూడోది పడకుండా సాయంత్రం ఐదు దాటితే ఉద్యోగం ఖాయం. పడిందంటే మాత్రం ఆమె చేతుల్లో ఏమీ ఉండదు. మళ్ళీ తొంభై రోజులు మొదటినుంచి లెక్కపెట్టమంటారో, సామాను సర్దుకోమంటారో చెకింగ్ మేడమ్ ఇష్టం. అంతకుముందు నెల కెమిస్ట్రీ ఆయన మూడో గీత పడ్డ రోజే టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తన కుర్చీ మీద వేసుకునే తువ్వాలు కూడా తీసుకెళ్ళలేదు పాపం. అది ఇంకా అక్కడే ఉంది.

ఆ ఆఫీసు పని చెప్పుకోవడానికి చాలా తేలిక. బడిపిల్లలు తమకు రాని లెక్కని, అర్థంకాని ప్రశ్నని ఫోనులో ఫోటో తీసి పంపుతారు. రెండో అంతస్తులో, వరసగా వేసిన బల్లల ముందు కూర్చున్నవాళ్ళు ఆ ఫోటో చూసి, మెట్టు మెట్టుగా విడమరిచి జవాబు టైపు చేసి పంపుతారు. చెకింగ్ మేడమ్ ఒకసారి చూసి సరే అన్నాక జవాబుకి తాళం పడుతుంది. ఆ తర్వాత తప్పని తేలితే రాసినవాళ్ళకి ఒక గీత, సరే అన్నందుకు మేడమ్‌కి ఒక గీత. ఆ తప్పు బయటివాళ్ళు పట్టుకున్నా, మనంతట మనమే 'దిద్దుబాటు' మీట నొక్కినా లెక్క ఒకటే.

ఆమెకు పడ్డ రెండూ పరాకు గీతలే. ఒకసారి ఒక నిష్పత్తిని తొమ్మిది, మూడు, మూడు అని రాసి చివరి ఒకటి టైపు చెయ్యడం మర్చిపోయింది. ఇంకోసారి దృశ్యరూప నిష్పత్తి అడిగితే జన్యురూప నిష్పత్తి రాసింది. కంటికి కనిపించేది ఎంతమందిలో ఎలా ఉందో చెప్పమంటే, లోపల జన్యువులు ఎన్ని రకాలుగా జతపడ్డాయో చెప్పిందన్నమాట. మూడు ఈజ్ టు ఒకటి రావలసినచోట ఒకటి, రెండు, ఒకటి వచ్చింది. ఆ రోజు పక్క బల్ల బాబాయ్ అన్నాడు, "ఊరేదమ్మా అంటే ఇంటిపేరు చెప్పావు" అని.

బాబాయ్ అంటే వరసకి బాబాయ్ కాదు. లెక్కల మాస్టారుగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోక ఇక్కడ చేరిన పెద్దాయన. ఆఫీసు మొత్తానికీ బాబాయే. బోటనీ చదివిందని ఈమెకి మొక్కలమ్మాయి అని పేరుపెట్టింది కూడా ఆయనే.

పొద్దున ఆమె ఇంట్లోంచి బయలుదేరేముందు నాన్న నిచ్చెనకి తాడు బిగిస్తున్నాడు. ఆయన బోర్డులు రాస్తాడు. దుకాణాల పైన, స్కూళ్ళ గోడల మీద, డాక్టర్ల గేట్ల మీద ఆయన రాసిన అక్షరాలు ఆ వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. చదువు మాత్రం లేదు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అయితే బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు గీస్తాడు. ఏడాదిగా కుడి మోకాలు సహకరించడం లేదు. నిచ్చెన మానెయ్యమని అమ్మ పోరుతుంటే, "పిల్ల ఉద్యోగం ఖాయమైన రోజు దిగుతాను. ఆ తర్వాత కింద కూర్చుని రాసే బోర్డులే" అని మాటిచ్చాడు.

"ఇవాళేగా?" అన్నాడు తాడు ముడి చూస్తూనే.

"సాయంత్రం ఐదుకి నాన్నా."

"అయితే ఐదుదాకా పరాకు పడకు. ఐదు తర్వాత నీ ఇష్టం వచ్చినంత పడు."

పదకొండుకి ఆ ఫోటో వచ్చింది. పదో తరగతి పిల్ల పంపింది. కింద రాసింది: 'టీచర్ గారూ, సాయంత్రం నాలుగున్నరకి ట్యూషన్‌లో ఈ షీటు మీద టెస్టు. మూడు ప్రశ్నలకీ గళ్ళు గీసి చూపించండి. నాలుగోది నేనే ట్రై చేస్తాను. రాకపోతే పంపుతాను.'

మొక్కలమ్మాయికి ఆ చివరి మాట నచ్చింది. అన్నీ చేసిపెట్టమనేవాళ్ళే ఎక్కువ, నేనే ట్రై చేస్తానని చెప్పేవాళ్ళు తక్కువ.

ఫోటో మాత్రం అంత బాగాలేదు. ట్యూషన్ మాస్టారు గీతల కాగితం మీద చేత్తో రాసి జిరాక్సు తీయించిన వర్క్‌షీటు అది. కాగితం మీది అచ్చుగీతలు జిరాక్సులో సగం మాసిపోయి, అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క మిగిలాయి. దానికి తోడు పిల్ల చెయ్యి నీడ ఒకటి అడ్డంగా పడింది. అయినా చదువుకోవచ్చు.

మొదటి ప్రశ్న పొడవు, పొట్టి బఠానీ మొక్కలది. T అంటే పొడవు, అది బహిర్గతం. t అంటే పొట్టి, అంతర్గతం. Tt ని Tt తో సంకరణం చేస్తే ఏమొస్తుంది? ఆమె నాలుగు గళ్ళ చదరం గీసింది. దాన్నే పన్నెట్ చదరం అంటారు. పైన ఒక మొక్క ఇచ్చే T, t. పక్కన రెండో మొక్క ఇచ్చే T, t. ఒక్కో గడిలో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి వచ్చి కూర్చుంటాయి. TT, Tt, Tt, tt. పెద్ద T ఒక్కటున్నా మొక్క పొడుగే కాబట్టి మూడు గళ్ళు పొడుగు, ఒక్క గడి పొట్టి. 'దృశ్యరూప నిష్పత్తి 3 : 1' అని రాసి, ఈసారి దృశ్యరూపమే అడిగారా అని ప్రశ్న మళ్ళీ చదువుకుంది. దృశ్యరూపమే.

రెండోది చంద్రకాంత పూలది. ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీరంగు వచ్చే రకం. అక్కడ ఏదీ దేన్నీ పూర్తిగా కప్పేయదు. రెండు గులాబీరంగు మొక్కల్ని కలిపితే నాలుగు గళ్ళలో ఒకటి ఎరుపు, రెండు గులాబీ, ఒకటి తెలుపు. ఇక్కడ లోపల ఉన్నదే బయట కనపడుతుంది గనక రెండు నిష్పత్తులూ ఒకటే, 1 : 2 : 1. ఆ ముక్క కూడా వివరంగా రాసింది. తను ఎక్కడ బోర్లా పడిందో అక్కడ పిల్ల పడకూడదని.

మూడోది మళ్ళీ బఠానీయే. ఊదారంగు పూలు బహిర్గతం, తెల్లపూలు అంతర్గతం. అక్షరం V. సంకరణం ఇచ్చి, నిష్పత్తి చెప్పమని, 120 మొక్కలు మొలిస్తే తెల్లపూలవి సుమారు ఎన్నో చెప్పమని అడిగారు. ఫోటోలో ఒక జత వి లు, మధ్యలో ఇంటూ, ఇంకో జత వి లు. నాలుగూ ఒకే ఎత్తున్నాయి.

ఆమె చూపు వాటి మీద ఒక్క క్షణం ఆగింది. పెద్ద వి, చిన్న వి ఒకే ఆకారం. మొదటి ప్రశ్నలో Tt ని Tt తో కలిపారు, ఇదీ అలాంటిదే అయుంటుంది. Vv ఇంటూ Vv. మూడు ఈజ్ టు ఒకటి. నూట ఇరవైలో నాలుగోవంతు, ముప్పై. టైపు చేసి పంపింది. పది నిమిషాల్లో మేడమ్ సరే అనడం, తాళం పడటం, పిల్లనుంచి 'థాంక్యూ టీచర్' రావడం అన్నీ అయిపోయాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బాబాయ్ తన గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకా నాలుగు గంటలు. ఏం తల్లీ, స్వీట్లు చెప్పి ఉంచావా?"

"ఐదు కానివ్వండి బాబాయ్. ముందే దిష్టి పెట్టకండి."

"నాది దిష్టి కాదమ్మా, ఆకలి."

మూడూ నలభైకి రెండో ఫోటో వచ్చింది. అదే పిల్ల, అదే కాగితం, నాలుగో ప్రశ్న. 'నాకు వచ్చిన జవాబు సార్ ఇచ్చిన అంకెలకి కుదరట్లేదు టీచర్. ఎక్కడ తప్పో చెప్పండి.' ఈసారి కిటికీ దగ్గర పెట్టి తీసినట్టుంది, అక్షరాలు తేటగా ఉన్నాయి.

ఇందులో రెండు లక్షణాలు ఒకేసారి. పూల రంగు, మొక్క ఎత్తు. ఒకపక్క రెండు వి లు, ఆపైన Tt. ఇంకోపక్క రెండు వి లు, ఆపైన tt. కింద మాస్టారు 160 మొక్కల లెక్క ఇచ్చారు. ఊదా పొడుగు 41, ఊదా పొట్టి 38, తెల్ల పొడుగు 40, తెల్ల పొట్టి 41. నిష్పత్తి కట్టి ఈ అంకెలతో సరిచూడమన్నారు.

మొక్కలమ్మాయి పొద్దుటి అలవాటుగానే రెండువైపులా Vv అనుకుని మొదలుపెట్టింది. రంగు వరకు మూడు ఊదాకి ఒకటి తెలుపు. ఎత్తు Tt, tt కనక సగం పొడుగు, సగం పొట్టి. రెండూ కలిపితే 3 : 3 : 1 : 1. నూట అరవైని ఎనిమిది భాగాలు చేస్తే భాగానికి ఇరవై. అంటే అరవై, అరవై, ఇరవై, ఇరవై రావాలి. మాస్టారి లెక్కలో నాలుగూ నలభై దగ్గరే ఉన్నాయి.

పిల్ల కూడా పెన్సిలుతో పక్కన 60, 60, 20, 20 అని రాసి ప్రశ్నార్థకం పెట్టుకుంది. పొద్దున తను నేర్పిన పద్ధతిలోనే చేసింది మరి.

నాలుగూ సమానంగా రావాలంటే రంగు కూడా సగం సగం అవ్వాలి. అలా అవ్వాలంటే రెండో మొక్కలో పెద్ద V ఉండకూడదు. VvTt ని vvtt తో కలిపితే, మొదటి మొక్క నాలుగు రకాల బీజకణాలు ఇస్తుంది, VT, Vt, vT, vt. రెండోది ఇచ్చేది ఒక్కటే, vt. అప్పుడు పదహారు గళ్ళు అక్కర్లేదు, నాలుగు చాలు. VvTt ఊదా పొడుగు, Vvtt ఊదా పొట్టి, vvTt తెల్ల పొడుగు, vvtt తెల్ల పొట్టి. 1 : 1 : 1 : 1. భాగానికి నలభై. సరిపోయింది.

అప్పుడు ఫోటో పెద్దది చేసి చూసింది. మొదటి జతలో మొదటి వి కింద సన్నని గీత ఉంది. మిగతా మూడింటి కిందా లేదు. కాగితం గీత కాదది, పెన్నుతో గీసింది. T కింద మాత్రం ఎక్కడా గీత లేదు. T కి అక్కర్లేదు, పెద్దదీ చిన్నదీ చూడగానే తెలిసిపోతాయి. ఒకే ఆకారం ఉన్నవాటికే మాస్టారు గుర్తు పెట్టుకున్నాడు. గీత ఉంటే పెద్ద వి, లేకపోతే చిన్న వి.



ఇది ఆమెకి తెలియని విద్య కాదు. తెలుగు మీడియం బళ్ళో చదువుకుంది. అ కి పెద్ద అ, చిన్న అ ఉండవు. ఏబీసీడీలకి మాత్రం ఎందుకు రెండేసి వేషాలో చాలాకాలం అర్థం కాలేదు. తొమ్మిదో తరగతిలో సైన్సు టీచరు ఆమె పేపరు చూసి, "నీ పెద్ద వి కి, చిన్న వి కి తేడా నీకు తెలుసు, వాటికి తెలుసు, నాకెలా తెలియాలే?" అని, "పెద్దదాని కింద గీత పెట్టు" అని చెప్పింది. డిగ్రీ దాకా పెట్టింది. నాన్న కూడా వేళాకోళం చేసేవాడు. ఒకసారి ఏదో దుకాణం పేరు ఆమె చేత కాగితం మీద రాయించుకుని వెళ్ళి, మధ్యలో వి ని ఇంతెత్తున రాసేసి వచ్చాడు. "నీ రాతలో పెద్ద వి, చిన్న వి కవలపిల్లలే అమ్మా. గీత పెట్టి ఇచ్చుంటే నాకు మళ్ళీ రంగు దండగయ్యేది కాదు" అన్నాడు. కంప్యూటరు మీద టైపు చేయడం మొదలయ్యాక ఆ గీత మర్చిపోయింది. మీట నొక్కితే పెద్దది పెద్దగా, చిన్నది చిన్నగా వస్తుంటే గీత ఎవరికి గుర్తుంటుంది?

పొద్దుటి ఫోటో మళ్ళీ తెరిచింది. మూడో ప్రశ్న. చెయ్యి నీడలో, మాసిన అచ్చుగీతల ముక్కల మధ్య, మొదటి వి కింద ఒక ముక్క మిగతావాటికన్నా కాస్త నల్లగా ఉంది. ఒక్కదాని కిందే. అంటే Vv ఇంటూ vv. గళ్ళు నింపితే Vv, vv, Vv, vv. సగం ఊదా, సగం తెలుపు. 1 : 1. నూట ఇరవైలో తెల్లపూలవి అరవై. తను ముప్పై అని పంపింది.

టైము మూడూ యాభై.

"బాబాయ్, ఒకసారి ఇటు చూస్తారా?"

ఆయన కుర్చీతో సహా జరిగి వచ్చాడు. కళ్ళజోడు నుదుటిమీంచి కిందికి దించుకుని రెండు ఫోటోలూ చూశాడు. ఆమె చెప్పింది విన్నాడు.

"గీతే. సందేహం లేదు" అన్నాడు. తర్వాత గడియారం చూశాడు. "ఐదూ ఐదుకి దిద్దు. రేపటి ఖాతాలో పడుతుంది. అప్పటికి నువ్వు పర్మనెంటు. పర్మనెంటు వాళ్ళకి ఒక గీత ఓ లెక్కా?"

"నాలుగున్నరకి ఆ పిల్లకి టెస్టు."

"అవునా." ఆయన గడ్డం గోక్కున్నాడు. "అయితే ఒక పని చెయ్యి. మూడోదాన్ని ముట్టుకోకు. నాలుగోదానికి జవాబు రాస్తావుగా, అందులోనే చివర ఒక వాక్యం పడెయ్. మూడోది కూడా ఇలాగే, అరవై అని. పిల్లకి సంగతి తెలుస్తుంది. తాళం తాళంలాగే ఉంటుంది. నీ గడప నువ్వు దాటేస్తావు."

ఇది బాగానే ఉందనిపించింది. నిజం చెప్పాలంటే చాలా బాగుందనిపించింది. ఆ వాక్యం టైపు చేయడం మొదలుపెట్టింది కూడా. అప్పుడు పొద్దుటి జవాబు పక్కన చిన్న అంకె కంటబడింది. 14.

ఒకే కాగితం ఫోటో ఇంకెవరైనా పంపితే కంప్యూటరు కొత్తగా ఎవరినీ అడగదు. దాచిన జవాబునే పంపేస్తుంది. పద్నాలుగుమంది ఆ షీటు ఫోటో పంపి, ఆమె జవాబు తీసుకెళ్ళారన్నమాట. ట్యూషన్‌లో అందరికీ ఇచ్చిన షీటే కదా. ఆ పిల్ల ఒక్కర్తీ సరిగ్గా రాస్తుంది, మిగతావాళ్ళంతా ముప్పై అని రాస్తారు. చూస్తూండగానే అంకె పదిహేనైంది.

"పదిహేనుమంది బాబాయ్."

బాబాయ్ అంకె చూశాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు గానీ తన బల్లదాకా పోలేదు, మధ్యలోనే ఆగాడు.

దిద్దుబాటు నొక్కితేనే తీసుకెళ్ళిన అందరికీ కబురు వెళుతుంది, మీకు పంపిన జవాబు మారింది, మళ్ళీ చూడండి అని. మొక్కలమ్మాయికి నాన్న మోకాలు గుర్తొచ్చింది. నిచ్చెన మూడో మెట్టు మీద ఆగి, కాలు ఒకసారి విదిలించుకుని పైకెక్కడం గుర్తొచ్చింది. ఇంకో తొంభై రోజులు. లేదా కెమిస్ట్రీ ఆయన లాగా టిఫిన్ డబ్బా.

అయినా వెంటనే మీట నొక్కలేదు. మేడమ్‌కి కూడా ఒక గీత పడుతుంది కదా, చెప్పకుండా వెనకనుంచి వేసినట్టవుతుంది. లేచి గాజుగది దగ్గరికి వెళ్ళి తలుపు తట్టింది.

చెకింగ్ మేడమ్ పొట్టిగా మాట్లాడే మనిషి. అరవదు, నవ్వదు. ఆవిడ సరే అన్నా కాదన్నా ఒకే గొంతు.

"మేడమ్, పొద్దుటి బఠానీ షీటు, మూడో జవాబు తప్పు. ఇవాళే పిల్లలకి దాని మీద టెస్టు, దిద్దాలి. మీకూ ఒకటి పడుతుంది, అందుకని ముందు చెబుదామని."

"ఎవరు కనిపెట్టారు?"

"నేనే మేడమ్."

"నీకు ఇదెన్నోది?"

"మూడోది."

"ఇవాళ ఎన్నో రోజు?"

"తొంభై మేడమ్."

మేడమ్ ఆమె మొహంలోకి చూసింది. "చూపించు" అంది.

చూపించింది. గీత ఉన్న వి, గీత లేని వి. అంకెలతో సరిపోయే నిష్పత్తి, సరిపోనిది. మేడమ్ ఫోటోని పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసింది.

"నేనూ చూడలేదు దీన్ని" అంది చివరికి. "మూడు ఈజ్ టు ఒకటి చూసి చూసి కంటికి అదే అలవాటైపోయింది. వెళ్ళి దిద్దు. టెస్టు ఎన్నింటికి?"

"నాలుగున్నరకి."

"మరి ఇక్కడ నిలబడ్డావేం?"

నాలుగూ రెండుకి మీట నొక్కింది. పేరు పక్కన మూడో గీత తక్షణమే ఎర్రగా పడింది, తనంతట తనే చెప్పుకుని వేయించుకున్నదానికి కూడా అంత తొందర. ఆమె దాన్ని చూడకుండా టైపు చేసింది. ముందుగా 'క్షమించండి, పొద్దున నేను రాసింది తప్పు' అని రాసింది. 'మీ షీటులో ఒకే ఆకారం ఉన్న అక్షరాలకి, పెద్దదాని కింద సన్న గీత ఉంది. మూడో ప్రశ్నలో మొదటి V కింద మాత్రమే ఉంది చూడండి. అంటే Vv ఇంటూ vv. రెండో మొక్క చిన్న v తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. నాలుగు గళ్ళలో రెండు Vv, రెండు vv. దృశ్యరూప నిష్పత్తి 1 : 1. 120లో తెల్లపూలవి సుమారు 60.' కింద గళ్ళు గీసింది. తర్వాత నాలుగోది కూడా పూర్తిచేసి, 'మాస్టారు ఇచ్చిన అంకెలు సరిగ్గా నలభై నలభై ఎందుకు లేవంటే, నిష్పత్తి చెప్పేది సుమారు లెక్క. మొక్కలు గీసిన గీత మీద మొలవవు' అని చేర్చింది. మేడమ్ రెండు నిమిషాల్లో సరే అంది. కబురు పదిహేడుమందికి వెళ్ళింది. ఈలోగా ఇంకో ఇద్దరు చేరారు మరి.

నాలుగూ పదహారుకి పిల్లనుంచి జవాబు వచ్చింది. 'అయ్యో టీచర్, గీత సంగతి నేనే చెప్పాల్సింది. మా సార్ ఎప్పుడూ అలాగే పెడతారు. మాకు అలవాటు కాబట్టి మీకూ తెలుసనుకున్నా. పొద్దున మీరు ముప్పై అంటే, నాదే తప్పనుకుని అరవై కొట్టేసి ముప్పై రాసుకున్నాను.'

మొక్కలమ్మాయి ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. పిల్ల ముందే సరిగ్గా చేసింది. తను చెప్పిందని సరైనదాన్ని కొట్టేసింది.

'మళ్ళీ అరవై రాసుకో అమ్మా. నీదే కరెక్టు' అని పంపింది.

ఐదు కొట్టింది. బాబాయ్ గడియారం చేతికి పెట్టుకున్నాడు, స్వీట్ల మాట ఎత్తలేదు. గాజుగదిలోంచి పిలుపొచ్చింది.

"కూర్చో" అంది మేడమ్. "మూడు పడ్డాయి. రూలు రూలే. ఇవాళ నిన్ను పర్మనెంటు చేస్తే రేపు నన్ను కూర్చోబెట్టి అడుగుతారు."

"తెలుసు మేడమ్."

"కెమిస్ట్రీ ఆయన్ని ఎందుకు పంపానో తెలుసా?"

"మూడు గీతలు పడ్డాయని."

"మూడూ పిల్లలు పట్టుకున్నవి. ఆయన పట్టుకుంది ఒక్కటీ లేదు." మేడమ్ ఒక కాగితం ముందుకు తోసింది. "రేపటినుంచి నీకు మళ్ళీ ఒకటో రోజు. తొంభై రోజులు. ఇక్కడ సంతకం పెట్టు. ఇంకొకటి. ఈ పెద్ద వి, చిన్న వి గోల మనందరికీ ఉంది. ఏయే అక్షరాలకి ఈ ఇబ్బందో, ఫోటోలో ఏం చూడాలో ఒక పేజీ రాసి ఇవ్వు. అందరి బల్లల మీదా అంటిస్తాను."

"సి, ఓ, ఎస్, యూ, వి, డబ్ల్యూ, ఎక్స్, జెడ్ మేడమ్. చేతిరాతలో పీ, కే కూడా."

"నాకు చెప్పకు. రాయి."

సంతకం పెట్టింది. ఆమె పేరు పొడి అక్షరాల్లోనూ ఒక వి ఉంది. పెన్ను ఎత్తబోయి, మళ్ళీ దించి, దాని కింద గీత పెట్టింది.

మెట్ల దగ్గర బాబాయ్ కాచుకుని ఉన్నాడు. "ఉంచారా?" అన్నాడు.

"ఉంచారు. ఒకటో రోజు."

"హమ్మయ్య. అయితే స్వీట్లు వాయిదా, రద్దు కాదు." రెండు మెట్లు దిగి ఆగాడు. "నేను చెప్పిన సలహా ఎవరికీ చెప్పకమ్మా. ముప్పయ్యేళ్ళ మాస్టారిని, పరువు పోతుంది."

ఇంటికి వచ్చే దారిలోనే నాన్న కనిపించాడు. మందులషాపు పైన కొత్త బోర్డు. నిచ్చెన మీద మూడో మెట్టు దగ్గర నిలబడి, కింది గీత కోసం సుద్దదారం ఒక చివర మేకుకి కట్టి రెండో చివర పట్టుకునేవాళ్ళు లేక చుట్టూ చూస్తున్నాడు. ఆమె సంచీ అరుగు మీద పెట్టి, తనూ అరుగెక్కి, దారం చివర అందుకుని, లాగి పట్టుకుంది. ఆయన మధ్యలో వేలితో మీటాడు. బోర్డు మీద తెల్లగా, తిన్నగా గీత పడింది.

"ఏమైంది?" అన్నాడు కిందికి చూడకుండానే.

"ఇంకో తొంభై రోజులు నాన్నా."

దారం ఆయన చేతిలోనే ఉండిపోయింది. "ఏం తప్పు చేశావు?"

"అక్షరం కింద గీత ఉంది. చూడలేదు. పదిహేడుమంది పిల్లలకి తప్పు చెప్పాను."

"తర్వాత?"

"చూశాను. పరీక్షకి ముందే దిద్దాను. దిద్దినందుకే పడింది."

నాన్న దారం చుట్టుకుంటూ, కాలు ఒకసారి విదిలించాడు.

"రంగు ఆరకముందు దిద్దావు" అన్నాడు. "ఆరాక అయితే గీకాలి. గీకిన చోటు ఎన్ని పూతలు వేసినా కనపడుతూనే ఉంటుంది."

"మీ మోకాలు?"

"తొంభై రోజులు ఆగమని నేను దానికి చెబుతాలే. నువ్వు మాత్రం ఇంటికి పోబోకు. ఇంకా పైగీత ఉంది. ఆపైన ఒక వి కూడా ఉంది, అది పెద్దదో చిన్నదో షాపాయన కాగితం చూసి చెప్పు. నాకు తెలియట్లేదు."

ఆయన తన చొక్కా జేబులోంచి తీసిచ్చిన కాగితం ఆమె విప్పి చూసింది. దుకాణం పేరు మధ్యలో వి ఉంది. కింద గీతా లేదు, పక్కన గుర్తూ లేదు.

"ఉండండి. ఆయన్నే అడిగొస్తా" అని షాపులోకి వెళ్ళింది.